నెలాఖరు మూడు రోజుల్లో సగం బిల్లులు: నలుగురు సేల్స్ వాళ్లకి కమీషన్ ప్లాన్ మార్చాలి

కొత్తలెక్క

నమస్కారం అందరికీ. ఆఫీసులకి పరికరాలు అమ్మి బిగించే చిన్న సంస్థ లెక్కలు చూస్తుంటాను. సేల్స్‌లో నలుగురు ఉన్నారు, ఇద్దరు సీనియర్లు, ఇద్దరు జూనియర్లు. ఒక్కో ఆర్డరు సగటున 2 లక్షలు. ఒక్కొక్కరికి నెల టార్గెట్ 10 లక్షలు. ఇప్పుడున్న ప్లాన్ ఇది: 8 లక్షల లోపు అమ్మితే కమీషన్ లేదు. 8 చేరితే మొత్తం అమ్మకం మీద 2%. 10 లక్షలు చేరితే మొత్తం మీద 4%. షీట్‌లో ఇలా పెట్టాం:

```
=IF(B2>=1000000, B2*4%, IF(B2>=800000, B2*2%, 0))
```

ఇబ్బందులు నాలుగు. నెలలో చివరి మూడు రోజుల్లోనే దాదాపు సగం బిల్లులు పడుతున్నాయి. వాటిలో కొన్ని తర్వాతి నెల మొదటి వారంలో రద్దవుతున్నాయి. డిస్కౌంట్ అనుమతులు కూడా ఆ మూడు రోజుల్లోనే ఎక్కువ అడుగుతున్నారు. ఇంకోటి, జూనియర్లు ఇద్దరూ పదిహేనో తారీఖుకే చేతులెత్తేస్తున్నారు. ప్లాన్‌ని ఎలా మారిస్తే ఇవి తగ్గుతాయి? మార్చాక కొత్తగా ఏ తలనొప్పులు వస్తాయో కూడా చెప్పండి.

మూడోవరుస

తప్పు ఎక్కడుందో ఫార్ములాలోనే కనిపిస్తోందండి. 10 చేరగానే మొత్తం మీద 4% వేస్తున్నారు, అదే కొంప ముంచుతోంది. ఆదాయపు పన్ను స్లాబుల్లాగా పెట్టండి: 10 లక్షల వరకు 3%, ఆ పైన వచ్చిన దాని మీద మాత్రమే 5%. ఎక్కడా గోడ ఉండదు కాబట్టి దూకాల్సిన పనీ ఉండదు. సమస్య అక్కడితో తీరిపోతుంది.

ఫీల్డ్‌మనిషి

అమ్మే వైపు నుంచి చూస్తే ఏం జరుగుతోందో చెప్తా వినండి. ఈ ప్లాన్‌లో ఇరవై ఐదో తారీఖున 5.5 లక్షల దగ్గర ఉన్నవాడికి ఒక 2 లక్షల ఆర్డరు సిద్ధంగా ఉందనుకోండి. అది కొట్టినా 7.5 అవుతుంది, వచ్చేది సున్నా. వాడు కస్టమర్‌కి ఫోన్ చేసి "సార్, ఒకటో తారీఖు బిల్లు వేద్దాం, మీకూ క్రెడిట్ ఒక నెల జరుగుతుంది" అంటాడు. కస్టమర్ సంతోషంగా ఒప్పుకుంటాడు. దాన్ని బద్ధకం అనుకోకండి, లెక్క అది.

అదే 9.9 లక్షల దగ్గర ఉన్నవాడు ముప్పయ్యో తారీఖు సాయంత్రం ఏ పదివేల బిల్లు అయినా సరే పుట్టిస్తాడు. తెలిసిన కస్టమర్‌ని "అన్నా, ఒక చిన్న పీఓ పంపు, వచ్చే వారం రద్దు చేసుకుందువు" అని అడుగుతాడు. మీ రద్దులు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఇప్పుడు అర్థమైందా?

గల్లాపెట్టె

ఫీల్డ్‌మనిషి గారు చెప్పిన రెండో మాటకి అంకెలు వేద్దాం, ఎందుకంటే దాని పరిమాణం చూస్తే గానీ యజమానులు నమ్మరు. 9.9 లక్షల మీద 2% అంటే 19,800. 10 లక్షల మీద 4% అంటే 40,000. అంటే ఆఖరి పదివేల అమ్మకానికి మీరిచ్చే కమీషన్ 20,200. అమ్మిన సరుకు విలువకి రెట్టింపు! అమ్మేవాడు ఆ పదివేలూ తన జేబులోంచి కట్టి సరుకు ఎవరికైనా ఊరికే ఇచ్చేసినా పదివేలు మిగుల్తుంది. అలాంటి చోట నిజాయితీ గురించి మీటింగులు పెట్టి లాభం లేదు.

మూడోవరుస గారు రోగం సరిగ్గానే పట్టారు, మందు మాత్రం సగమే. గోడ తీసేయడం తప్పనిసరి. కానీ గోడ తీసినా వంపు మిగిలే ఉంటుంది. రెండు నెలల్లో మొత్తం 20 లక్షలు అమ్మిన మనిషిని తీసుకోండి. బిల్లు తేదీలు మాత్రమే మారుద్దాం.

పాత ప్లాన్‌లో 10, 10 గా పడితే 80,000 వస్తుంది. 11, 9 గా పడితే 44,000, 18,000 కలిపి 62,000. 13, 7 గా పడితే 52,000 మాత్రమే. అంటే ఒక లక్ష బిల్లుని నెల గీతకి అవతల నుంచి ఇవతలకి జరిపితే 18,000 లాభం.

మీ స్లాబు ప్లాన్‌లో 10, 10 అయితే 60,000. 13, 7 అయితే 66,000. మొత్తం 20 ఒకే నెలలో పడితే 80,000. చూశారా, ఇప్పుడు ఆట తిరగబడింది. పాతదాంట్లో రెండు నెలల్నీ సరిగ్గా గీత మీద నిలబెట్టడానికి చూసేవాడు. కొత్తదాంట్లో ఒక నెలని ఎండగట్టి ఇంకో నెలలో కుమ్మరించడానికి చూస్తాడు. పాత కస్టమర్లతో చనువున్న సీనియర్లకే అది సాధ్యం, కాబట్టి అదనపు కమీషన్ కూడా వాళ్లకే పోతుంది.

మూడోవరుస

ఒప్పుకుంటున్నా, రెండో నెల వైపు చూడలేదు. మరైతే ఒకే రేటు, ఎంత అమ్మినా 3% పెడితే? 20 లక్షలు ఎలా పడినా 60,000. ఆటే ఉండదు కదా?

గల్లాపెట్టె

తేదీల ఆట ఉండదు, నిజం. అది చిన్న విషయమేం కాదు. ఇయన్ లార్కిన్ 2014లో ప్రచురించిన ఒక పరిశోధన ఉంది. పెద్ద కంపెనీలకి సాఫ్ట్‌వేర్ అమ్మే ఒక సంస్థలో, మూడు నెలల లోపల అమ్మకం పెరిగేకొద్దీ రేటు పెరిగే కమీషన్ ఉండేది. అమ్మేవాళ్లు తమకి లాభమైన త్రైమాసికంలో ఆర్డరు పడేలా చూసుకోవడానికి ఇచ్చిన ధరల తగ్గింపు వల్ల సంస్థ పోగొట్టుకున్నది అమ్మకాల ఆదాయంలో 6 నుంచి 8 శాతం అని ఆయన లెక్క తేల్చాడు. కాబట్టి తిన్నని గీతకి విలువ ఉంది.

కానీ ఒకే రేటుకి దాని తలనొప్పి దానికుంది. చేతిలో పాత కస్టమర్లున్న సీనియర్‌కి కదలకుండానే నెలకి 7, 8 లక్షలు వస్తాయి. ఆ పైన చేసే కష్టానికీ అదే 3%. అతను ఎనిమిది దగ్గర ఆగిపోతే అతన్ని లాగేది ప్లాన్‌లో ఏమీ ఉండదు. నేనైతే మెల్లటి వంపు ఉంచి, దాన్ని కొలిచే వ్యవధిని పెంచుతాను.

దానికి ముందు కొత్తలెక్క గారిని ఒక ప్రశ్న. నలుగురికీ 10 లక్షల టార్గెట్ ఎక్కడి నుంచి వచ్చింది? లీడ్లు నలుగురికీ సమానంగా వెళ్తున్నాయా?

చిన్నకొట్టు

నాదీ ఇదే సమస్యండి. ఇద్దరు అమ్మేవాళ్లు, ఒక టెలీకాలర్. టెలీకాలర్‌కి ఫిక్స్ చేసిన ప్రతి మీటింగ్‌కీ ఇంత అని ఇస్తున్నాం. మీటింగులు బోలెడు, అమ్మకాలు లేవు. స్లాబులు పెడితే సరిపోతుందా?

ఫీల్డ్‌మనిషి

అది వేరే సంగతండీ. స్లాబులు పెడితే పనికిరాని మీటింగులు ఇంకా ఎక్కువ వస్తాయి.

జీతాలపట్టీ

చిన్నకొట్టు గారూ, మీటింగ్ ఫిక్స్ అయినప్పుడు కాదు, జరిగాక డబ్బివ్వండి. అమ్మే మనిషి రెండు రోజుల్లోగా "ఇది పనికొచ్చే మీటింగే" అని షీట్‌లో గుర్తు పెట్టాలి. రెండు రోజుల్లో ఏమీ పెట్టకపోతే ఒప్పుకున్నట్టే లెక్క, లేకపోతే అమ్మేవాళ్లు కావాలని నాన్చుతారు. మొత్తంలో ఒక మూడో వంతు అమ్మకం జరిగాక వచ్చేలా విడిగా పెట్టండి. అంతకంటే ఎక్కువ పెట్టొద్దు. అమ్మకం తెగడం టెలీకాలర్ చేతిలో ఉండదు, చేతిలో లేనిదానికి ఎవరూ పరిగెత్తరు. దీని మీద ఇంకా అడగాలంటే వేరే చర్చ మొదలుపెట్టండి, ఇది కలగాపులగం అయిపోతుంది.

కొత్తలెక్క

గల్లాపెట్టె గారూ, టార్గెట్ పైనుంచి వచ్చిందే. యజమానికి నెలకి 40 లక్షలు కావాలి, నలుగురితో భాగిస్తే 10. లీడ్లు మాత్రం సమానం కాదు. సీనియర్లకి నెలకి సుమారు 40, జూనియర్లకి 24. నలుగురికీ దాదాపు ఎనిమిది లీడ్లకి ఒకటి ఆర్డరు అవుతోంది. ఆ విషయంలో పెద్ద తేడా లేదు.

గల్లాపెట్టె

అయితే మీ జూనియర్ల సంగతి అక్కడే తేలిపోయింది. 24 లీడ్లు, ఎనిమిదికొకటి అంటే నెలకి 3 ఆర్డర్లు, 6 లక్షలు. సీనియర్‌కి 40 లీడ్లు, 5 ఆర్డర్లు, 10 లక్షలు. నలుగురి సత్తా కలిపితే నెలకి 32 లక్షలు. 40 కావాలనుకుంటే అది టార్గెట్ సమస్య కాదు, లీడ్ల సమస్య. టార్గెట్ పెంచినంత మాత్రాన లీడ్లు పుట్టవు.

ఇంకో లోతైన విషయం ఉంది, చిన్న టీముల్లో దీన్ని చాలామంది గమనించరు. నెలకి అయిదు ఆర్డర్లంటే చాలా చిన్న అంకె. పనితనం ఏమాత్రం మారకపోయినా అదృష్టాన్ని బట్టి ఒక నెల మూడు, ఒక నెల ఏడు అవుతుంటాయి. ప్రతి లీడుకీ ఎనిమిదింట ఒక వంతు అవకాశం ఉందనుకుని 40 లీడ్లకి లెక్క వేస్తే, మూడు లేదా అంతకంటే తక్కువ ఆర్డర్లు వచ్చే అవకాశం 25% దాకా ఉంటుంది. షీట్‌లో మీరే చూసుకోవచ్చు:

```
=BINOM.DIST(3, 40, 0.125, TRUE)
```

అంటే మీ మంచి సీనియర్‌కి కూడా, అదే కష్టం పడినా, నాలుగు నెలల్లో ఒక నెల కమీషన్ సున్నా. ఇప్పుడు 40 బదులు 24 పెట్టండి. 65% వస్తుంది. జూనియర్‌కి మూడు నెలల్లో రెండు నెలలు సున్నా. 10 లక్షల గీత దాటేది ఆరు నెలల్లో ఒకసారి. పదిహేనో తారీఖుకి ఒక ఆర్డరు దగ్గర ఉన్నవాడికి ఈ నెల పోయిందని తెలిసిపోతుంది. చేతులెత్తేయక ఏం చేస్తాడు? ఉన్న లీడ్లని వచ్చే నెలకి దాచుకోవడమే తెలివైన పని.

కాబట్టి మీ ప్లాన్ పనికి డబ్బివ్వడం లేదు, చాలావరకు లాటరీ నడుపుతోంది. వ్యవధిని మూడు నెలలు చేస్తే లాటరీ పాలు తగ్గుతుంది, పూర్తిగా పోదు. సీనియర్‌కి మూడు నెలల్లో 120 లీడ్లు, 15 ఆర్డర్లు సగటు. 80% గీతని, అంటే 12 ఆర్డర్లని, చేరలేకపోయే అవకాశం నాలుగింట ఒకటి నుంచి ఆరింట ఒకటికి దిగుతుంది. అప్పటికీ ఆరింట ఒకటి! అందుకే వ్యవధి పెంచినా సరే, కింద గోడ ఉంచకండి.

ఫీల్డ్‌మనిషి

లెక్క బాగుంది సార్, కానీ మూడు నెలలకోసారి కమీషన్ అంటే అమ్మేవాడు ఇంటద్దె ఎలా కట్టుకోవాలి? నెలనెలా డబ్బు కనబడాలి. లేకపోతే మంచివాడు మొదట వెళ్లిపోతాడు.

గల్లాపెట్టె

కొలిచేది మూడు నెలలకి, చెల్లించేది నెలనెలా. ఈ రెండూ ఒకటే కావాలని లేదు. ఇలా పెట్టండి: త్రైమాసికం మొదటి నుంచి కూడిన అమ్మకం మీద, సీనియర్‌కి 30 లక్షల వరకు 3%, ఆ పైన వచ్చిన దాని మీద 5%. ప్రతి నెలా కూడిన కమీషన్ లెక్కగట్టి, అందులోంచి ముందే చెల్లించింది తీసేసి మిగిలింది ఇవ్వండి. B2 లో త్రైమాసికం మొదటి నుంచి అమ్మకం, C2 లో అదే త్రైమాసికంలో ఇప్పటిదాకా చెల్లించిన కమీషన్, E2 లో ఆ మనిషి త్రైమాసిక టార్గెట్:

```
=MIN(B2,E2)*3% + MAX(B2-E2,0)*5% - C2
```

ఉదాహరణకి వరుసగా 12, 8, 15 లక్షలు అమ్మాడనుకోండి. మొదటి నెల 36,000. రెండో నెలకి కూడింది 20 లక్షలు, కమీషన్ 60,000, అందులో 36,000 పోగా 24,000. మూడో నెలకి 35 లక్షలు. 30 మీద 90,000, మిగతా 5 మీద 25,000, మొత్తం 1,15,000. ముందిచ్చిన 60,000 పోను 55,000. అదే 35 లక్షలు ఏ వరుసలో పడినా మొత్తం ఇంతే. త్రైమాసికం లోపల ఒకటో తారీఖుకి జరపడం వల్ల ఎవరికీ ఒక్క పైసా రాదు.

యజమాని మొదట అడిగేది ఖర్చు గురించే కదా. పైన చెప్పిన అవకాశాలనే పట్టుకుని సగటు తీస్తే, పాత ప్లాన్‌లో సీనియర్‌కి మూడు నెలలకి సుమారు 97,000 పోతోంది. కొత్తదాంట్లో సుమారు 96,000. అంటే అతని విషయంలో ఖర్చు మారదు, ఊగిసలాట తగ్గుతుంది. జూనియర్ దగ్గర మాత్రం ఖర్చు పెరుగుతుంది. త్రైమాసిక టార్గెట్‌ని 18 లక్షలకి దించితే పాత సగటు నెలకి 10,500 దగ్గర ఉన్నది 19,500 దాకా వెళ్తుంది. ఇద్దరికీ కలిపి నెలకి ఒక 18,000 అదనం. అది దాచకుండా యజమానికి ముందే చెప్పండి. ఇన్నాళ్లూ ఆ ఇద్దరూ అమ్మిన దానికి ఇవ్వకుండా ఉన్న డబ్బే అది.

మూడోవరుస

ఒక్క నిమిషం. ఆట ఇప్పుడు త్రైమాసికం చివరికి పోయింది కదా? మార్చి ఆఖరున 33 లక్షల దగ్గర ఉన్నవాడు ఏప్రిల్ ఆర్డర్లన్నీ ముందుకి లాగుతాడు. 22 దగ్గర ఉన్నవాడు ఉన్నవి దాస్తాడు.

గల్లాపెట్టె

లాగుతాడు, దాస్తాడు. రెండూ జరుగుతాయి. కానీ ఏడాదికి పన్నెండు గీతలు ఉండేవి నాలుగయ్యాయి. ఒక 2 లక్షల ఆర్డరుని జరిపితే వచ్చే లాభం 5%కీ 3%కీ తేడా, అంటే 4,000. ఇంతకుముందు ఒక లక్ష జరిపితేనే 18,000 వచ్చేది. ఆట మాయం కాలేదు, దానికోసం కస్టమర్‌తో మొహమాటం పోగొట్టుకునేంత విలువ మాత్రం లేదు. ఆ నాలుగు వేల కోసం కూడా జరుపుతున్నారేమో చూడాలంటే, త్రైమాసికం చివరి వారం బిల్లుల్నీ తర్వాతి రెండు వారాల బిల్లుల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది ఉబ్బి రెండోది గుంటపడితే లాగుతున్నట్టే.

ఫీల్డ్‌మనిషి

టార్గెట్ల గురించి ఇంకోటి ఎవరూ ఎత్తడం లేదు. ఈ త్రైమాసికం 36 చేశాడనుకోండి, వచ్చే త్రైమాసికం టార్గెట్ 36 చేసేస్తారు. ఒక్కసారి అలా జరిగిందా, ఇక ఎవడూ 31 దాటి చూపించడు. గీత పెట్టిన చోట ఆగడం అమ్మేవాళ్లకి చాలా తొందరగా అబ్బుతుంది. పైన ఇంతకంటే ఇవ్వం అని పరిమితి పెట్టే వాళ్లున్నారు చూడండి, వాళ్ల దగ్గరా ఇదే కథ.

గల్లాపెట్టె

నూటికి నూరు పాళ్లు. కాంటాక్ట్ లెన్సులు తయారుచేసే ఒక సంస్థలో మిశ్రా, నాయర్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్నే నిజంగా పరీక్షించి 2011లో ప్రచురించారు. కోటాలు, పై పరిమితి తీసేసి ప్లాన్ మార్చాక ఆదాయం సుమారు 9% పెరిగింది. పాత ప్లాన్‌లో పరిమితితో పాటు, ఎక్కువ అమ్మితే తర్వాతి కోటా పెరుగుతుందన్న భయం కూడా ఉండేది. అయితే వాళ్ల అమ్మేవాళ్లు ధర నిర్ణయించేవాళ్లు కారు, డిస్కౌంట్ చేతిలో ఉన్న టీముకి ఆ అంకెని యథాతథంగా అంటించకండి.

మీ విషయంలో టార్గెట్‌ని మనిషి పోయిన త్రైమాసికం ఎంత అమ్మాడనే దానితో కట్టేయకండి. లీడ్ల సంఖ్యని ఎనిమిదితో భాగించి, సగటు ఆర్డరుతో గుణించండి. లీడ్లు పెరిగితేనే టార్గెట్ పెరగాలి. ఈ సూత్రాన్ని కాగితం మీద పెట్టి వాళ్లకి చూపించండి. ఎనిమిది అనే అంకెని ఏడాదికోసారి, టీము మొత్తం సగటుతోనే సవరించండి. ఒక్కడి సగటుతో సవరిస్తే అదే శిక్ష మళ్లీ వేరే దారిలో వస్తుంది.

కొత్తలెక్క

సీనియర్ ఒకాయన అప్పుడే అడిగాడు: "నేనూ 25 లక్షలు, వాడూ 25 లక్షలు అమ్మితే, వాడికి ఏడు లక్షల మీద 5%, నాకు మొత్తం 3%. ఇదెక్కడి న్యాయం?" ఏం చెప్పాలి?

ఫీల్డ్‌మనిషి

ఆయన అడిగింది న్యాయమే. లీడ్లు ఇవ్వండి, టార్గెట్ సమానం చేయండి.

గల్లాపెట్టె

25 లక్షల మీద ఆయనకి 75,000, జూనియర్‌కి 54,000 ప్లస్ 35,000, అంటే 89,000. తేడా నిజమే. నా సమాధానం, ఆయనకి 120 లీడ్లు ఇచ్చాం, ఇతనికి 72. 72 లీడ్ల మీద 25 లక్షలు తెచ్చినవాడు ఎక్కువ చేసినట్టే. కానీ ఈ మాట ఆయనకి నచ్చదు, నాకు తెలుసు. ఫీల్డ్‌మనిషి గారన్నట్టు లీడ్లు సమానం చేస్తే గొడవ ఉండదు. అలా చేస్తే పెద్ద ఆర్డర్లు కొత్తవాళ్ల చేతిలో పాడయ్యే ప్రమాదం ఉంటుంది. ఇది అంకెలతో తేలేది కాదు, యజమాని తేల్చుకోవాలి.

మూడోవరుస

డిస్కౌంట్ల సంగతి మిగిలిపోయింది. నా సలహా, అమ్మకం మీద కాకుండా మార్జిన్ మీద కమీషన్ ఇవ్వండి. ఈసారి రెండో వైపు కూడా చూశాను లెండి. 2 లక్షల ఆర్డరు, ఖర్చు 1.4 లక్షలు అనుకుంటే మార్జిన్ 60,000. 10% తగ్గించి 1.8కి అమ్మితే మార్జిన్ 40,000. సంస్థకి మూడో వంతు పోయింది. అమ్మకం మీద 3% తీసుకునే మనిషికి 6,000 బదులు 5,400 వస్తుంది, పోయింది 600. ఆరు వందల కోసం ఎవరు బేరంలో గట్టిగా నిలబడతారు? అదే మార్జిన్ మీద 10% ఇస్తే 6,000 నుంచి 4,000కి పడిపోతుంది. అప్పుడు వాడికీ నొప్పి తెలుస్తుంది.

జీతాలపట్టీ

లెక్క ఒప్పే, అమలులో చావు. ఖర్చు ఎంత అనేది ఎవరు చెప్తారు? కొనుగోలు ధర నెల మధ్యలో పెరిగితే అమ్మేవాడి కమీషన్ కోస్తారా? బిగించే పనికి రెండో రోజు వెళ్లాల్సి వస్తే అది ఎవరి ఖాతా? ప్రతి కమీషన్ స్లిప్పూ ఒక పంచాయితీ అవుతుంది. పైగా మీ అసలు కొనుగోలు ధరలు సేల్స్ టీముకి తెలుస్తాయి. రేపు ఒకడు పోటీ కంపెనీలో చేరితే అవీ వాడితోనే వెళ్తాయి.

గల్లాపెట్టె

దానికి మధ్యే మార్గం ఉంది. ప్రతి వస్తువుకీ త్రైమాసికానికి ఒకే స్థిర ఖర్చు ప్రకటించండి. అసలు కొనుగోలు ధర కానక్కర్లేదు, కాస్త పైకి వేసుకున్నా పర్వాలేదు. మధ్యలో ధర మారితే లాభనష్టాలు సంస్థవి. బిగింపు ఖర్చు అందులోనే కలపండి. తక్కువ మార్జిన్ సరుకుని ఎవరూ ముట్టుకోరనేది మాత్రం ఈ పద్ధతిలో తప్పదు. మీకు ఆ సరుకు కావాలంటే దాని స్థిర ఖర్చు తగ్గించి చూపండి.

చాలామంది చేసేది ఇంకోటి: 5% లోపు డిస్కౌంట్‌కి ఒక రేటు, 10% లోపు ఇంకో రేటు అని మెట్లు పెట్టడం. సులువుగా అర్థమవుతుంది. కానీ మెట్టు పెట్టారంటే మళ్లీ గోడ కట్టారన్నమాటే. ఆరు నెలల తర్వాత చూస్తే 3% డిస్కౌంట్ ఒక్కటీ కనబడదు, అన్నీ సరిగ్గా 5%, సరిగ్గా 10% దగ్గర గుట్టలు పడి ఉంటాయి. 5% వరకు ఇచ్చినా తనకేం పోదని తెలిసినప్పుడు 3% దగ్గర ఆగేదెవరు?

జీతాలపట్టీ

నేనింకా మెట్ల వైపే ఉంటాను. అయిదుగురు లోపు టీములో స్థిర ఖర్చుల పట్టిక త్రైమాసికానికోసారి నిలబెట్టేంత మనిషి ఉండడు. డిస్కౌంట్ గుట్టలు కనబడినా వాటిని చూసి మెట్లు సవరించడం సులువు.

సరే, రద్దుల మాట చెప్తాను, ప్లాన్ రాసేటప్పుడు ఎక్కువమంది మరిచిపోయేది అదే. కమీషన్ ఎప్పుడు పుడుతుందో ఒక్క వాక్యంలో రాయండి. నేనైతే సగం బిల్లు పడ్డప్పుడు, సగం డబ్బు వసూలయ్యాక అని పెడతాను. పూర్తిగా వసూలు మీదే పెడితే అమ్మేవాళ్లు కొత్త లీడ్లు వదిలేసి పాత బాకీల వెంట తిరుగుతారు, అది వాళ్ల చేత చేయించే పని కాదు. పూర్తిగా బిల్లు మీద పెడితే డబ్బు కట్టని కస్టమర్‌కి కూడా అమ్ముతారు.

90 రోజుల్లో రద్దయితే, రద్దయిన త్రైమాసికంలో ఆ మొత్తాన్ని మైనస్‌గా వేయండి. గల్లాపెట్టె గారి ఫార్ములాలో B2 తగ్గితే కమీషన్ దానంతటదే తగ్గుతుంది. ఒక చిక్కు ఉంది చూసుకోండి. మార్చిలో 5% దగ్గర పడ్డ బిల్లు ఏప్రిల్‌లో రద్దయితే కోత 3% దగ్గర పడవచ్చు. రెండు లక్షల బిల్లుకి అలా 4,000 చేతిలో మిగిలిపోతుంది, అది తెలిసినవాడు వాడుకుంటాడు. అందుకే కోత పుట్టిన రేటు దగ్గరే పడాలని రాయాలి, దానికి షీట్‌లో ఒక కాలమ్ అదనంగా పెట్టాలి. ఫలితం మైనస్‌లోకి వెళ్తే వచ్చే నెల కమీషన్‌లో సర్దండి. జీతంలోంచి కోయాలనుకుంటే ముందు అక్కడి వేతన చట్టం చూసుకోండి, చాలాచోట్ల కుదరదు.

కొత్తలెక్క

చాలా వరకు తేలింది, ధన్యవాదాలు. మార్పు ఎప్పుడు మొదలుపెట్టాలి? వచ్చే నెల ఒకటి నుంచి పెట్టొచ్చా?

జీతాలపట్టీ

త్రైమాసికం మొదటి రోజు నుంచే, నెల మధ్యలో వద్దు. ఎప్పుడు ప్రకటిస్తారన్నదీ ముఖ్యమే. మీ పాత ప్లాన్‌లో ఒకడు 12 లక్షల దగ్గర ఉంటే, కొత్త రేటు తెలియగానే ఉన్న ఆర్డర్లన్నీ పాత 4%లోకి ఈడుస్తాడు. నెల ముందు చెప్తే నెల మొత్తం ఈడుపే. అందుకని ఓ వారం ముందు చెప్పండి. ఆ వారానికి ముందే కొటేషన్ వెళ్లిన ఆర్డర్ల జాబితా తీసి పెట్టుకోండి. ఆ జాబితాలోనివి ఏ ప్లాన్‌లో పడినా ఎక్కువ వచ్చే రేటే ఇస్తామని చెప్పండి. ఖర్చు కొంత అవుతుంది, తేదీలు మార్చే తొందర మాత్రం ఎవరికీ ఉండదు. మొదటి త్రైమాసికం అంతా ప్రతి ఒక్కరికీ పాత లెక్క, కొత్త లెక్క పక్కపక్కన వేసిన స్లిప్పు ఇవ్వండి.

ఫీల్డ్‌మనిషి

ఆ జాబితా తీసే ముందు రోజు రాత్రి ఎన్ని దొంగ కొటేషన్లు పుడతాయో కూడా లెక్కేసుకోండి సార్.

జీతాలపట్టీ

అందుకే జాబితా తీశాకే చెప్పమన్నాను :)

చిన్నకొట్టు

వేరే చర్చ మొదలుపెట్టాను, "టెలీకాలర్ మీటింగులు" అని. రెండు రోజుల గడువు శనివారం పడితే ఏం చేయాలో అక్కడ చెప్పండి దయచేసి.